రేటు ఏ రోజుది?

విదేశీ వెబ్‌సైట్‌లో 100 డాలర్ల ధర చూసి కార్డుతో కొన్నారనుకుందాం. ఆ రోజు మార్కెట్‌లో డాలరు 84 రూపాయలు. లెక్క ప్రకారం 8,400 పడాలి. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో 8,799 కనిపిస్తుంది. ఎవరినడిగినా వచ్చే జవాబు ‘రేటు మారింది’ అన్నదే. అందులో అబద్ధం లేదు గానీ, అది చెప్పేది తేడాలో చిన్న భాగాన్ని మాత్రమే. రేటుకు ఎప్పుడూ ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీని ఎంచుకునే మనిషి ఒకడుంటాడు. ధరకూ చెల్లింపుకూ మధ్య గడువు ఉన్నంతకాలం ఆ గడువును ఎవరో ఒకరు మోయాలి, మోసినవాడు కూలి తీసుకుంటాడు. ఈ వ్యవహారం చరిత్రంతా ఆ కూలి ఎక్కడ దాక్కుందన్న కథే.

మధ్యయుగపు ఇటలీలో మారకపు బిల్లులు దీనికి మొదటి స్పష్టమైన ఉదాహరణ. ఫ్లారెన్స్‌లో ఇచ్చిన ఫ్లోరిన్లకు లండన్‌లో పౌండ్లు అందాలంటే ఆచారం ప్రకారం మూడు నెలల గడువు. వడ్డీ తీసుకోవడాన్ని చర్చి పాపమంది. కనుక బ్యాంకర్లు వడ్డీని విడిగా రాయలేదు, మారకపు రేటులోనే కలిపేశారు. బిల్లు మీద కనబడేది ఒక్క రేటే. అందులో నాణేల విలువ ఎంత, గడువు ఖరీదు ఎంత అన్నది బ్యాంకరుకే తెలుసు. మన దేశంలో వర్తకులు దర్శనీ హుండీకీ ముద్దతీ హుండీకీ వేర్వేరు ధర కట్టారు. చూపగానే చెల్లేదానికి ఒక వెల, కొన్నాళ్లకు చెల్లేదానికి మరో వెల. గడువుకు విలువ ఉందని దాచకుండా ఒప్పుకున్న పద్ధతి ఇది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ గడువు రూపాయి కథలోకి వచ్చింది. భారత ప్రభుత్వం లండన్‌లో చేయాల్సిన ఖర్చుల కోసం ఇండియా కౌన్సిల్ అక్కడ ‘కౌన్సిల్ బిల్లులు’ అమ్మేది. లండన్‌లో పౌండ్లు కట్టినవాడికి కలకత్తాలోనో బొంబాయిలోనో రూపాయలు దొరికేవి. బిల్లు కాగితం ఓడలో రావడానికి దాదాపు రెండు వారాలు పట్టేది. తంతి వచ్చాక అదే పని వెంటనే జరిగేలా టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కూడా అమ్మారు, కాస్త ఎక్కువ ధరకు. ఆ ఎక్కువ దేనికంటే, రెండు వారాల వడ్డీ మిగిలినందుకు. ఇవాళ పిల్లల ఫీజు విదేశీ విశ్వవిద్యాలయానికి పంపేందుకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకుకు వెళ్లే తల్లిదండ్రులు చూసే రేట్ల పట్టికలో ‘టీటీ సెల్లింగ్’ అనే గడి ఉంటుంది. అందులోని ‘టీటీ’ ఆ తంతి బదిలీయే. తంతి పోయినా గడి అలాగే మిగిలింది.

1870ల మొదట్లో రెండు షిల్లింగుల దగ్గర ఉన్న రూపాయి, వెండి ధర పడిపోవడంతో ఇరవై ఏళ్లలో ఒక షిల్లింగు మూడు పెన్నీల దాకా దిగజారింది. లండన్‌కు డబ్బు పంపాల్సినవాళ్లకు తేదీ ప్రాణాంతకమైంది. తర్వాత రూపాయిని ఒక షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర నిలబెట్టాక ఆ బెంగ తగ్గింది. రేటు కట్టేసి ఉంటే తేదీతో పని లేదు. నిజాం రాజ్యపు హాలీ సిక్కాకూ బ్రిటిష్ ఇండియా కల్దారుకూ మధ్య 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల నిష్పత్తి ప్రభుత్వ లెక్కల్లో పాతుకుపోయింది గనుక పాత దస్తావేజుల్లో మొత్తాలను మార్చడానికి గుణకారం చాలు, క్యాలెండరు అక్కర్లేదు. 1944 నాటి బ్రెటన్‌వుడ్స్ ఏర్పాటు ప్రపంచానికి ఇలాంటి సుఖాన్నే కొన్నేళ్లు ఇచ్చింది. 1971 ఆగస్టులో డాలరుకు బంగారంతో ముడి తెగింది. 1973 నాటికి పెద్ద కరెన్సీలన్నీ తేలడం మొదలుపెట్టాయి. మన రూపాయి 1993లో మార్కెట్ రేటుకు వచ్చింది.

సరిగ్గా రేట్లు తేలడం మొదలైన కాలంలోనే కార్డులు దేశాలు దాటాయి. కార్డు లావాదేవీ రెండు అంచెల్లో నడుస్తుంది. మొదటిది అనుమతి: దుకాణం అడుగుతుంది, బ్యాంకు సరేనంటుంది, ఫోనుకు సందేశం వస్తుంది. రెండోది క్లియరింగ్: ఒకటి రెండు రోజుల తర్వాత, హోటళ్ల విషయంలో ఇంకా ఆలస్యంగా, అసలు బిల్లు నెట్‌వర్క్‌కు చేరుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌లు సాధారణంగా ఈ రెండో అంచెలో, ప్రాసెసింగ్ రోజు రేటుతో మారుస్తాయి. అందుకే సందేశంలోని అంకె, స్టేట్‌మెంట్‌లోని అంకె కలవవు. శనివారం కొన్నది సోమవారం రేటుకు పడవచ్చు.

ఇప్పుడు మన 8,799ని విప్పి చూద్దాం. క్లియరింగ్ రోజు నెట్‌వర్క్ రేటు 84.50 అనుకుంటే 8,450. దాని మీద బ్యాంకు మార్కప్ మూడున్నర శాతం, అంటే సుమారు 296. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ 53. మొత్తం 8,799. అదనంగా పడిన 399లో తేదీ మారినందువల్ల వచ్చింది 50 మాత్రమే. మిగతా 349 రూపాయలకు రేటు మారడంతో సంబంధమే లేదు. కొన్నది తిరిగిచ్చేస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. రీఫండ్‌కు దాని సొంత ప్రాసెసింగ్ రోజు రేటు వర్తిస్తుంది. ఆ రోజు 83.80 ఉండి, బ్యాంకు మార్కప్ వెనక్కివ్వకపోతే చేతికొచ్చేది 8,380. వస్తువు లేదు, 419 రూపాయలూ లేవు.

రేటు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది గనుక దీర్ఘకాలంలో సరిపోతుందని కొందరు వాదిస్తారు. క్లియరింగ్ తేదీ వరకు అది నిజమే, ఆ 50 రూపాయలు మరోసారి మనవైపు రావచ్చు. మార్కప్ మాత్రం ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది. అది రేటులో కలిసిపోతే జనానికి కనబడదన్న సంగతి అమెరికాలో కోర్టుదాకా వెళ్లింది. నెట్‌వర్క్‌లూ బ్యాంకులూ మార్పిడి రుసుమును సరిగా తెలియజేయకుండా వసూలు చేశాయన్న కేసు 2006లో 33.6 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఇటాలియన్ బ్యాంకరు చర్చి భయంతో చేసిన పనిని వీళ్లు ఏ భయమూ లేకుండా చేశారు.

గడువే సమస్యయితే దుకాణంలోనే రూపాయల్లో ఖరారు చేసుకుంటే పోలేదా అన్నది మరింత బలమైన ఆక్షేపణ. విదేశీ దుకాణాల్లోని మిషన్లు ‘మీ కరెన్సీలో చెల్లిస్తారా’ అని అడిగేది ఇదే. ఇక్కడ తేదీ అనిశ్చితి నిజంగానే పోతుంది. కానీ రేటును ఎంచుకునే హక్కు దుకాణం వైపు బ్యాంకుకు వెళ్తుంది, అది మార్జిన్ కలిపి వేసే రేటు నెట్‌వర్క్ రేటు కంటే సాధారణంగా ఎక్కువ. పైగా రూపాయల్లో చెల్లించినా, వ్యాపారి విదేశంలో ఉన్నాడన్న కారణంతో మన బ్యాంకులు కొన్ని విడిగా రుసుము వేస్తాయి. యాభై రూపాయల అనిశ్చితిని వదిలించుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు ఇవ్వడం నిశ్చింత అనిపించుకోదు. ఐరోపా సమాఖ్య 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటి మార్పిడిలో మార్జిన్‌ను ఐరోపా కేంద్ర బ్యాంకు రేటుతో పోల్చి శాతంగా ముందే చూపించాలని నిబంధన పెట్టింది. తేదీని అది మార్చలేదు, కూలిని బయటపెట్టించింది.

మన స్టేట్‌మెంట్లలో కూడా ప్రాసెసింగ్ తేదీ, నెట్‌వర్క్ రేటు, మార్కప్ మూడూ వేర్వేరు గడుల్లో ఉండాలని బ్యాంకులను అడగాలి. అది జరిగేలోపు లెక్క చూసుకోవడం కష్టమేమీ కాదు. పడిన రూపాయలను డాలర్లతో భాగించి, నెట్‌వర్క్ తన వెబ్‌సైట్‌లో ఆ తేదీకి చూపే రేటుతో పోల్చండి. తేడా నాలుగు శాతం చుట్టూ ఉంటే అది మార్కప్, దాని మీది పన్ను. స్టేట్‌మెంట్‌లో డాలర్ల ఊసే లేకుండా రూపాయలు మాత్రమే ఉంటే, మార్పిడి దుకాణంలోనే జరిగిపోయి ఉండవచ్చు. మిషన్ అడిగినప్పుడు అక్కడి కరెన్సీనే ఎంచుకోండి.