షిప్పింగ్ మాత్రమే 499

రాత్రి పదకొండు దాటింది. అమీర్‌పేటలో ఓ కోచింగ్ హాస్టల్. పై మంచం మీద కుర్రాడి పగిలిన ఫోన్ తెర వెలిగింది: ‘కంగ్రాట్స్! మీరే విన్నర్!’

పొద్దున ఒక పేజీని ఫాలో అయి, పోస్టు కింద ‘డన్’ అని రాసి, ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చేశాడు. అలా రాసిన వాళ్లలో ఇంకెందరికి ఇదే మెసేజ్ వెళ్లిందో అతనికి కనపడదు కదా. కొత్త ఫోన్ ఉచితం, షిప్పింగ్ 499 కడితే చాలు. కిందే క్యూఆర్ కోడ్. ‘పది నిమిషాల్లో కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం సర్.’

కోడ్ తెరిచాడు. అతని భుజం మీంచి మీరూ చూడండి. పేజీలో పేరున్న కంపెనీ లోగో ఉంది. యూపీఐ తెర మీద మాత్రం ఎవరో మనిషి పేరు, ఇంటిపేరుతో సహా. అది బ్యాంకులో నమోదైన పేరు. చాలాసార్లు ఆ మనిషి కూడా అసలు దొంగ కాదు, కమీషన్‌కి ఆశపడి ఖాతా అద్దెకిచ్చినవాడు. కుర్రాడు ఆ పేరు చదవనే లేదు. పిన్ నొక్కేశాడు.

కాసేపటికి పార్సెల్ ఫొటో వచ్చింది, అతని అడ్రసు అంటించి మరీ. వెంటనే ఇంకో మెసేజ్: ‘జీఎస్టీ 2,999 కట్టండి. డెలివరీ అయ్యాక రీఫండ్.’ అసలు దోపిడీ ఇక్కడే మొదలవుతుంది. 499 జల్లెడ మాత్రమే, కట్టేవాణ్ణి ఏరడానికి. పోయిన 499 దక్కాలని 2,999 కడతాడు, ఆ రెండూ దక్కాలని ఇన్సూరెన్స్ పేరు చెప్పినా కడతాడు.

కింది మంచం కదిలింది.

“ఏంట్రా, ఇంకా పడుకోలేదా?”

“ఫోన్ తగిలింది రా. జీఎస్టీ కట్టాలంట.”

స్నేహితుడు లేచి ఫోన్ లాక్కున్నాడు. పేజీ వివరాల్లో ‘పేజ్ ట్రాన్స్‌పరెన్సీ’ తెరిచాడు. పోయిన నెల దాకా అది వంటల పేజీ. వేలమంది ఫాలోవర్లూ ఆ వంటలకొచ్చినవాళ్లే. తర్వాత పేరు మార్చారు.

“అంత ఖరీదు ఫోన్ ఊరికే ఇచ్చేవాడికి షిప్పింగ్ బరువైందా రా?” అంటూ చాట్‌లో టైప్ చేశాడు: ‘ఫోన్ అందాక, డెలివరీ బాయ్‌కే అన్నీ కలిపి ఇస్తాం.’

‘రూల్స్ ఒప్పుకోవు సర్.’ ఆపై బ్లాక్.

ఇలా జరిగితే చాట్ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు, లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వండి. 499 కోసం ఎందుకులే అనుకోవద్దు. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే బ్యాంకు ఆపగలదు. ఏటీఎంలో తీసేశాక తిరిగి రావడం చాలా కష్టం.