బహిరంగ, ఆంతరంగిక రంగాల విభజనపై స్త్రీవాద విమర్శ: సరిత కేసు (1983)

రాజనీతి శాస్త్రం జీవితాన్ని బహిరంగ రంగం, ఆంతరంగిక రంగం అని రెండుగా చీల్చిందనీ, ఇంటిని రెండో దాంట్లో పడేసి న్యాయవిచారణకు అందకుండా చేసిందనీ స్త్రీవాదుల విమర్శ. తెలుగు నేల మీద ఈ విమర్శ నేరుగా న్యాయస్థానం మెట్లెక్కిన సందర్భం టి.సరిత వర్సెస్ టి.వెంకట సుబ్బయ్య కేసు. విడిగా ఉంటున్న భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని ఆదేశించే అధికారాన్ని హిందూ వివాహ చట్టం (1955) 9వ సెక్షన్ కోర్టులకు ఇస్తుంది. దీన్నే దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ.చౌదరి 1983 జూలై 1న ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. పదమూడు నెలలకే సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అయినా చర్చ ఆగలేదు.

స్త్రీవాద సిద్ధాంతకర్త కేరొల్ పేట్‌మన్ బహిరంగ, ఆంతరంగిక విభజనపై రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా 1983లోనే అచ్చయింది. న్యాయమూర్తికి ఆ వ్యాసం తెలుసనడానికి తీర్పులో ఆధారమేదీ కనపడదు. కాబట్టి ఒకటి మరొకదానికి ప్రేరణ అనడం కన్నా, ఒకే ప్రశ్న రెండు చోట్ల ఒకే కాలంలో తలెత్తిందనడమే సబబు. ఉదారవాద సిద్ధాంతం పౌరుణ్ణి స్వేచ్ఛాజీవిగా చూపిస్తుంది కానీ, అతని వెనక ఇంట్లో జరిగే చాకిరీనీ, వివాహం భర్తకు కట్టబెట్టే పెత్తనాన్నీ లెక్కలోకి తీసుకోదు. పేట్‌మన్ వాదంలో కీలకం ఇదే. సూసన్ మొలర్ ఓకిన్ 1989లో మరో అడుగు వేసింది. ఎవరు ఎవర్ని పెళ్లాడవచ్చో, ఎప్పుడు విడిపోవచ్చో, ఆస్తి ఎవరికి దక్కాలో నిర్ణయించేది రాజ్యమే. అలాంటప్పుడు ఇంటి విషయాల్లో తాను జోక్యం చేసుకోనని రాజ్యం చెప్పే మాటకు అర్థం లేదని ఆమె వాదించింది. తొమ్మిదో సెక్షన్ ఈ వాదానికి సరిగ్గా అతికే ఉదాహరణ. కాపురం ఆంతరంగికమంటూనే, కాపురానికి రాని మనిషి మీదికి కోర్టు అమీనును పంపే చట్టం అది.

కేసు పూర్వాపరాలు ఇవి. కేసు నాటికే సరిత పేరున్న సినిమా నటి. పెళ్లి 1975లో జరిగిందని, అప్పుడామెకు 16 ఏళ్లని, హైస్కూల్లో చదువుతోందని తీర్పు చెబుతుంది. ఇద్దరూ దాదాపు వెంటనే విడిపోయారు. కొన్నేళ్ల తర్వాత భర్త కడప సబ్‌కోర్టులో తొమ్మిదో సెక్షన్ కింద పిటిషన్ వేశాడు. ఆ కోర్టుకు విచారణాధికారం లేదని ఆమె మొదట అభ్యంతరం చెప్పింది. అది నెగ్గకపోవడంతో హైకోర్టుకు వచ్చి, సెక్షన్ చెల్లుబాటునే సవాలు చేసింది. ఈ కేసులో భార్యను కాపురానికి పొమ్మన్న డిక్రీ ఇంకా రాలేదన్నది గుర్తుంచుకోవాలి. విచారణ దశలోనే చట్టం మీద దెబ్బ పడింది.

డిక్రీ ఎలా అమలవుతుందో తెలిస్తే గాని న్యాయమూర్తి ఆందోళన అర్థం కాదు. డిక్రీకి లోబడని వ్యక్తి ఆస్తిని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 32వ రూలు కింద జప్తు చేయవచ్చు. ఒకప్పుడు జైలుకూ పంపేవారు. 1880లలో బొంబాయిలో రుఖ్మాబాయికి ఎదురైన బెదిరింపు అదే. 1923 సవరణతో జైలు పోయి జప్తు మిగిలింది. అసలీ పరిహారం ఇంగ్లండు మత న్యాయస్థానాల నుంచి వలస పాలనలో మన దేశానికి వచ్చింది. ఇంగ్లండు 1970లో దాన్ని రద్దు చేసుకుంది. ఇది మన సంప్రదాయమన్న వాదన చరిత్ర ముందు నిలవదు.

జస్టిస్ చౌదరి తర్కం రెండు మెట్లుగా సాగింది. ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపడమంటే ఆమె శరీరం మీద, గర్భం మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి తీసి రాజ్యానికి అప్పగించడమే. ఇది 21వ అధికరణం ఇచ్చే గోప్యతకూ గౌరవానికీ విరుద్ధమన్నారు. రెండోది సమానత్వం. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకేలా వర్తించేలా కనిపిస్తుంది. కానీ బలవంతపు కాపురంలో కడుపు పండితే మోయాల్సింది ఆమే, జీవితం తలకిందులయ్యేదీ ఆమెకే. అసమానుల్ని ఒకే గాటన కట్టడం 14వ అధికరణానికి విరుద్ధమని తేల్చారు.

నాలుగు నెలలకే, 1983 నవంబరులో, ఢిల్లీ హైకోర్టు హర్విందర్ కౌర్ కేసులో దీనికి ఎదురు తీర్పు ఇచ్చింది. సహజీవనం అంటే లైంగిక సంబంధం ఒక్కటే కాదని జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ అన్నారు. రాజ్యాంగ సూత్రాలను ఇంట్లోకి తెస్తే వివాహ బంధమే దెబ్బతింటుందని కూడా హెచ్చరించారు. స్త్రీవాదులు విమర్శించే విభజన ఇంత బాహాటంగా పలికిన తీర్పు మరొకటి అరుదు. 1984 ఆగస్టు 8న సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ మాటనే ఖాయం చేసింది. ఆస్తి జప్తు భయం కలిసి ఉండటానికి ఒక ప్రేరణ మాత్రమేనని, కాపురాలు నిలబెట్టే సామాజిక ప్రయోజనం సెక్షన్‌కు ఉందని చెప్పింది. కానీ ఆ కేసులో పిటిషన్ వేసింది భార్య. భర్త ఒప్పుకుని డిక్రీ రానిచ్చి, ఏడాది గడిచాక కలిసి ఉండలేదన్న కారణం మీదే 13(1ఎ) కింద విడాకులు కోరి పొందాడు. కాపురం నిలబెట్టే సెక్షన్ అదే కేసులో విడాకులకు మెట్టయింది.

సరిత తీర్పును ఎలా చదవాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. గోప్యత అనే మాట ఇంటి పెత్తందారుకే రక్షణ కవచమవుతుందని కాథరిన్ మెకినన్ లాంటివారు చెబుతారు. ఆ లెక్కన గోప్యత పేరుతో స్త్రీకి న్యాయం చేయబోవడం ప్రమాదకరమే. అయితే ఈ తీర్పులో గోప్యత కుటుంబానిది కాదు, మనిషిది. భర్త నుంచి కూడా కాపాడే గోప్యత అది. నా దృష్టిలో సమానత్వ వాదనతో కలిపి చదివినప్పుడే తీర్పు బలం తెలుస్తుంది. పరిమితి మాత్రం ఉంది: వివాహంలో అత్యాచారాన్ని నేరంగా చూడని మినహాయింపు జోలికి తీర్పు వెళ్లలేదు.

హైదరాబాదులో ఆనాటి వాతావరణమూ ఈ ప్రశ్నకు అనుకూలంగానే ఉంది. సాధారణంగా 1978లో ఏర్పడిందని చెప్పే స్త్రీశక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. పెళ్లి, బిడ్డలు, వంట, ఉద్యమం ముగిశాక ఇంటికి పొమ్మన్న మాట: ఉద్యమ చరిత్రలు సొంత విషయాలుగా పక్కన పెట్టిన వీటిని ఆ పుస్తకం రాజకీయ ప్రశ్నలుగా ముందుకు తెచ్చింది. సరిత తీర్పుతో దీనికి సంస్థాగత సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు.

ఆచరణలో తొమ్మిదో సెక్షన్ ఎక్కువగా మనోవర్తి తగాదాల్లో పనికొస్తుంది. భార్య మనోవర్తి కోరగానే, ఆమే సరైన కారణం లేకుండా రానంటోందని చూపడానికి భర్త కాపురం పిటిషన్ వేస్తాడు. పిటిషన్ తేదీ మనోవర్తి నోటీసు వెనకాలే ఉందంటే ఉద్దేశం చాలా వరకు అర్థమవుతుంది. డిక్రీని పాటించనంత మాత్రాన మనోవర్తి పోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో రీనా కుమారి కేసులో తేల్చింది. గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 పుట్టస్వామి తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ స్త్రీవాద విమర్శను చర్చిస్తూ సరిత కేసును ప్రస్తావించారు. సెక్షన్ చెల్లుబాటును సవాలు చేస్తూ 2019లో మరో పిటిషన్ సుప్రీంకోర్టుకు చేరింది. తొమ్మిదో సెక్షన్ మాత్రం చట్టంలో అలాగే ఉంది.