కిల్వా: రుతుపవనాలు కట్టిన రాతి పట్టణం

మధ్యయుగ భారత వాణిజ్యం చదివేటప్పుడు ఖంభాత్, కాలికట్, బందరు పేర్లు మీకు పదేపదే కనిపిస్తాయి. ఈ రేవుల నుంచి బట్టలు, పూసలు ఎక్కించుకున్న ఓడలు అవతలి ఒడ్డున ఎక్కడ దిగేవన్నది మాత్రం చాలామంది నోట్సులో ఉండదు. ఆ ఒడ్డుల్లో ఒకటి తూర్పు ఆఫ్రికా తీరం. నేటి సోమాలియా నుంచి మొజాంబిక్ వరకు సాగే ఆ తీరంలో మొగదిషు, మలింది, మొంబాసా, కిల్వా, సోఫాలా వంటి వర్తక పట్టణాలు వెలిశాయి. వాటిని కలిపి స్వాహిలి పట్టణాలంటారు. 'సాహిల్' అంటే అరబ్బీలో తీరం. స్వాహిలి అంటే తీరవాసులు అని అర్థం.

అన్ని పట్టణాలనూ పైపైన చూడటం కంటే ఒకదాన్ని లోతుగా చదవడం మేలు. నేటి టాంజానియా దక్షిణ తీరంలోని చిన్న దీవి కిల్వా కిసివానిని తీసుకుందాం. అక్కడి శిథిలాలు పక్కనున్న సోంగో మ్నారాతో కలిసి 1981 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

గాలి గీసిన సరిహద్దు

కిల్వాకు అంత సంపద ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు గాలుల సంగతి చూడాలి. సుమారు నవంబరు నుంచి మార్చి వరకు ఈశాన్య రుతుపవనాలు అరేబియా, గుజరాత్ తీరాల నుంచి ఓడలను ఆఫ్రికా వైపు నడుపుతాయి. ఏప్రిల్ నుంచి గాలి తిరగబడుతుంది. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే ఆ ఓడలను తిరిగి ఉత్తరానికి చేరుస్తాయి. ఈ రెండు గాలులకూ స్వాహిలిలో సొంత పేర్లున్నాయి. మొదటిది కస్కజి, రెండోది కుసి.

ఇక్కడ ఒక చిక్కుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఈశాన్య గాలి బలహీనపడుతుంది. కిల్వా దాటాక దాన్ని నమ్ముకోవడం కష్టం. జింబాబ్వే పీఠభూమి బంగారం సముద్రానికి చేరే రేవు సోఫాలా మాత్రం కిల్వాకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది. గుజరాత్ నుంచో అరేబియా నుంచో బయలుదేరిన ఓడ సోఫాలా దాకా వెళ్లి అదే ఏడాది ఇల్లు చేరడం దాదాపు అసాధ్యం. కిల్వా వరకు వచ్చి తిరిగి వెళ్లడం మాత్రం సాధ్యమే.

అందువల్ల పని రెండుగా విడిపోయింది. దూరదేశపు ఓడలు కిల్వాలో ఆగేవి. కిల్వా వర్తకులు తమ చిన్న ఓడలపై సోఫాలాకు బట్టలు, పూసలు పంపి బంగారం, ఏనుగు దంతం తెప్పించేవారు. మొదట సోఫాలా వర్తకంపై మొగదిషుదే పైచేయి. తరవాత అది కిల్వా చేతికి వచ్చింది. బంగారం సొంతంగా లేకపోయినా కిల్వా సంపన్నమైందంటే, గాలి ఆగే చోట అది ఉండటం, బంగారపు దారిని అది పట్టుకోవడం అందుకు కారణాలు. 14వ శతాబ్దపు కిల్వా సుల్తాన్ అల్ హసన్ బిన్ సులైమాన్ పేరున్న రాగి నాణెం ఒకటి సముద్రానికి చాలా దూరంలోని గ్రేట్ జింబాబ్వేలో దొరికింది. ఆ దారి ఎంత లోపలికి పోయిందో చెప్పడానికి ఆ నాణెమే సాక్ష్యం.

ఆగిన నెలలు, కలిసిన మనుషులు

గాలి తిరిగేదాకా పరదేశి వర్తకుడు రేవులోనే ఉండాలి. ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. ఈలోగా అతనికి ఇల్లు, తిండి, నమ్మకస్తుడైన మధ్యవర్తి కావాలి. 1331 ప్రాంతంలో ఈ తీరానికి వచ్చిన ఇబ్న్ బతూతా మొగదిషులోని ఏర్పాటును వర్ణించాడు. ఓడ రాగానే ప్రతి వర్తకుడూ ఒక స్థానిక గృహస్థు ఇంట దిగుతాడు. అమ్మకం, కొనుగోలు రెండూ ఆ గృహస్థే చేసిపెడతాడు. అతణ్ని కాదని నేరుగా జరిపిన బేరం చెల్లదు.

ఈ ఏర్పాటులో రెండు సంస్కృతులు ఒకే కప్పు కింద బతికాయి. ఏటా అదే ఇంటికి వచ్చే వర్తకుడికి ఆతిథ్యం క్రమంగా బంధుత్వంగా మారింది. స్థానిక కుటుంబాల్లో పెళ్లిళ్లు జరిగాయి. ఇస్లాం పట్టణాల మతంగా స్థిరపడింది. ఇక్కడ దండయాత్ర, వలస పాలన ప్రసక్తి లేదు. కలయికకు కారణం వర్తకుడికి ఆతిథేయి అవసరం, ఆతిథేయికి సరుకు అవసరం.

భాషలో ఈ కలయిక మరింత స్పష్టంగా కనిపిస్తుంది. స్వాహిలి వ్యాకరణం పూర్తిగా ఆఫ్రికా బంటూ కుటుంబానిది. అరబ్బీ 'కితాబ్' అందులోకి వెళ్లి 'కితాబు' అయింది. బంటూ భాషల్లో 'కి' ఏకవచన ఉపసర్గ, 'వి' బహువచన ఉపసర్గ. కాబట్టి పుస్తకాలు అనడానికి 'వితాబు' అంటారు. మాట పరాయిదే, దాన్ని వంచిన నియమం మాత్రం స్థానికం. అంకెల్లోనూ ఇంతే. ఒకటి నుంచి ఐదు వరకు బంటూ పదాలు, ఆరు, ఏడు, తొమ్మిదికి అరబ్బీ పదాలు. రేవును స్వాహిలిలో 'బందరి' అంటారు. మచిలీపట్నానికి బందరు అనే పేరునిచ్చిన పారశీక పదం 'బందర్' నుంచి వచ్చిందే ఇది కూడా. ఒకే సముద్రపు రెండు ఒడ్డులూ ఒకే మాటను దాచుకున్నాయి.

పగడపు రాయి ఇల్లు

ఈ పట్టణాల రాయి కొండల్లో తవ్వింది కాదు. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి. నీటి నుంచి కొత్తగా తీసిన పగడం మెత్తగా ఉంటుంది, చెక్కడం తేలిక. గాలి తగిలి ఆరాక గట్టిపడుతుంది. గుమ్మాలకు, మిహ్రాబులకు దాన్ని వాడారు. గోడలకు నేలమీది పాత పగడపు రాయి సరిపోయింది. పగడాన్నే కాల్చి సున్నం చేసి అతికారు. కప్పుకు మడ అడవుల నుంచి దూలాలు తెచ్చారు. మడ దూలం పొడవును బట్టే గది వెడల్పు ఉంటుంది కాబట్టి గదులు సన్నగా, పొడవుగా, సుమారు రెండున్నర మూడు మీటర్ల వెడల్పున ఉంటాయి. నమూనాలో పరదేశపు ఛాయ ఉన్నా కొలత నిర్ణయించింది స్థానిక చెట్టే.

కిల్వా పెద్ద మసీదులోని మొదటి భాగం 11-12 శతాబ్దాల నాటిది. తరవాత దాన్ని గుమ్మటాలతో విస్తరించారు. అల్ హసన్ బిన్ సులైమాన్ కట్టించిన హుసూని కుబ్వా రాజభవనంలో వందకు పైగా గదులు, అష్టభుజి స్నానపు కొలను ఉన్నాయి. అయితే పట్టణమంతా ఇలాగే ఉండేదని అనుకోకండి. ఇబ్న్ బతూతా గ్రంథం కిల్వాను చక్కని పట్టణమని మెచ్చుకుంటూనే అక్కడి ఇళ్లు కర్రవని చెబుతుంది. పురావస్తు ఆధారాల్లోనూ మట్టి, కర్ర ఇళ్లు చాలా ఉన్నాయి. పరదేశి వర్తకుడు తన సరుకు ఎవరి ఇంట దించాలో నిర్ణయించుకునేటప్పుడు, రాతి ఇల్లున్నవాడు ఊరు వదిలి పారిపోయేవాడు కాదన్న భరోసా కలుగుతుంది. ఈ సంపదకు చీకటి కోణం కూడా ఉంది. ఇదే సుల్తాన్ లోపలి ప్రాంతాలపై దాడులు చేసి కొల్లసొమ్ము తెచ్చేవాడని ఇబ్న్ బతూతాయే రాశాడు.

కట్టింది ఎవరు?

వలస పాలన కాలపు రచయితలు చాలామంది ఈ శిథిలాలను చూసి, అరబ్బులో పారశీకులో వచ్చి కట్టినవని తేల్చేశారు. ఆఫ్రికన్లకు ఇంత కట్టడం చేతకాదన్న నమ్మకం దాని వెనక ఉంది. కిల్వా వృత్తాంతం కూడా వాళ్లకు అనుకూలంగా కనిపించింది. షిరాజ్ నుంచి వచ్చిన రాకుమారుడు అలీ బిన్ అల్ హసన్ దీవిని చుట్టి వచ్చేంత బట్ట ఇచ్చి స్థానిక పాలకుడి దగ్గర దీవిని కొన్నాడని ఆ కథ చెబుతుంది.

తవ్వకాలు వేరే సంగతి చెప్పాయి. కిల్వాలో రాతి కట్టడాల కింది పొరల్లో మట్టి, కర్ర ఇళ్లు, స్థానిక కుండలు దొరికాయి. కెన్యా తీరంలోని షంగాలో పురావస్తు శాస్త్రవేత్త మార్క్ హార్టన్ రాతి మసీదు కింద అంతకంటే పాత చిన్న కర్ర మసీదుల జాడలు కనుగొన్నారు. వాటిలో మొదటివి 8వ శతాబ్దం నాటివి. అంటే ఎవరో ఓడలో వచ్చి ఒక్కసారిగా దింపిన పట్టణం కాదిది. స్థానిక పల్లె తరాల తరబడి ఎదిగి రాతి పట్టణమైంది.

మరి షిరాజీ కథ ఉత్త కల్పనేనా? 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రాచీన డీఎన్ఏ అధ్యయనం సుమారు 80 మంది అవశేషాలను పరిశీలించింది. తీరవాసుల్లో చాలామందికి తల్లుల వైపు వంశం ప్రధానంగా ఆఫ్రికాది. తండ్రుల వైపు ఆసియా వంశం ఎక్కువ, అందులోనూ పారశీక భాగం పెద్దది, భారతీయ భాగం చిన్నది. ఈ కలయిక క్రీ.శ. 1000 ప్రాంతంలో మొదలైంది. కథలో నిజం కొంత ఉందన్నమాట. కానీ వలస రచయితలు చెప్పినట్టు కాదు. వచ్చినవాళ్లు వర్తకులు, కలుపుకొన్నవాళ్లు ఆఫ్రికా తల్లులు, నిలిచిన భాష ఆ తల్లులది.

ఖంభాత్ బట్ట, సోఫాలా నేత

మన వైపు నుంచి వెళ్లిన సరుకును కూడా అక్కడివారు ఉన్నది ఉన్నట్టు వాడుకోలేదు. 16వ శతాబ్దం తొలినాళ్లలో పోర్చుగీసు రచయిత డ్యుయార్టె బర్బోసా ఒక విశేషం నమోదు చేశాడు. సోఫాలా నేతగాళ్లు పత్తి పండించి తెల్లబట్ట నేసేవారు, కానీ వారికి రంగు అద్దకం తెలియదు. అందుకని ఖంభాత్ నుంచి వచ్చిన నీలం బట్టను దారాలుగా విప్పి, తమ తెల్లదారంతో కలిపి కొత్త బట్ట నేసేవారు. ఈ తీర సంస్కృతి అంతటికీ ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. జవాబులో ఒక్క ఉదాహరణకే చోటుంటే దీన్నే రాయండి.

ముగింపు ఎలా వచ్చింది

1498లో వాస్కో డ గామా మలిందిలో దొరికిన నావికుడి సాయంతో కాలికట్ చేరాడు. దారి అప్పటికే తెలిసిన దారి, పోర్చుగీసులు కనిపెట్టింది కాదు. 1502లో అతనే కిల్వా పాలకుణ్ని బెదిరించి బంగారం కప్పంగా తీసుకున్నాడు. 1505లో ఫ్రాన్సిస్కో డి అల్మైడా కిల్వాను కొల్లగొట్టి కోట కట్టాడు. 'నీలి జల విధానం' పేరుతో మీరు చదివే భారత తొలి పోర్చుగీసు వైస్రాయ్ ఈయనే. ఆ కోటను 1512లోనే వదిలేశారు. బంగారం వర్తకం బలవంతంగా కైవసం చేసుకోబోతే వర్తకులు వేరే రేవులకు మళ్లారు. ఆతిథ్యం, నమ్మకం మీద నిలిచిన వ్యాపారం కోట గోడల మధ్య ఇమడలేదు.

సాధన ప్రశ్న: "స్వాహిలి పట్టణాలు ఆఫ్రికా నేలపై వెలసిన అరబ్ వలసలు." ఈ వాదనను పరిశీలించండి. (250 పదాలు)

రాసేటప్పుడు 'సమ్మేళన సంస్కృతి' అన్న మాట దగ్గరే ఆగిపోకండి. ముందు గాలి వల్ల కిల్వాలో ఆగక తప్పని పరిస్థితి చెప్పండి. తరవాత ఆ ఆగడం వల్ల పుట్టిన ఆతిథ్యం, పెళ్లి సంబంధాలు, ఆపై షంగా కర్ర మసీదు, డీఎన్ఏ ఆధారాలు వరుసగా పెట్టండి. వాదనలోని ఏ భాగం నిలుస్తుందో, ఏది నిలవదో చివర్లో విడదీసి చెప్పండి.