ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టుకు అధికారం వస్తుందా?

1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల చేతి నుంచి తప్పించింది. పర్లాకిమిడి అల్లర్ల తర్వాత కమిషనర్ జార్జ్ రస్సెల్ ఇచ్చిన నివేదిక దానికి ఆధారం. అక్కడి వ్యవహారాలను కలెక్టరే గవర్నర్ ఏజెంటు హోదాలో చూడాలన్నారు. ‘ఏజెన్సీ’ అన్న మాట అలా స్థిరపడింది. ఏజెంటు దగ్గరికి వెళ్లాల్సిన తగాదాకు పట్నం కోర్టు ఇరుపక్షాలకూ దగ్గరైనా, అనుకూలమైనా, ఆ సౌకర్యాన్ని చట్టం లెక్కలోకి తీసుకోలేదు. న్యాయాధికారాన్ని పంచేది రాజ్యం. కక్షిదారులు దాన్ని పంచుకోలేరు.

సుమారు అర్ధశతాబ్దం తర్వాత ఈ మాటను ప్రీవీ కౌన్సిల్ గట్టిగా చెప్పింది. 1886లో కాన్పూరు నుంచి వెళ్లిన లెడ్గార్డ్ కేసు ఒకటి, 1887లో మదుర నుంచి వెళ్లిన మీనాక్షి నాయుడు కేసు రెండోది. రెండోదాని సంగతి ఇది. 1863 చట్టం కింద దేవాలయ కమిటీ సభ్యుడి నియామకంపై జిల్లా జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. దానిమీద హైకోర్టుకు అప్పీలు పెట్టుకోవచ్చని ఆ చట్టంలో లేదు. అయినా హైకోర్టు అప్పీలు విని, ఉత్తర్వు తిరగరాసింది. లండన్‌లో ఆ తీర్పు నిలవలేదు. హైకోర్టుకు మొదటినుంచీ లేని అధికారాన్ని ఎవరి సమ్మతీ తెచ్చిపెట్టలేదన్నారు.

అయితే లోపాలన్నీ ఒకే రకం కావు. దావా ఏ ఊళ్లో వేయాలన్నది ప్రధానంగా ప్రతివాది సౌకర్యం కోసం ఏర్పడ్డ నియమం. కాబట్టి ఆ సౌకర్యాన్ని అతను వదులుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ సెక్షన్ ప్రకారం అలాంటి అభ్యంతరాన్ని తొలి అవకాశంలోనే, వివాదాంశాలు ఖరారయ్యే లోపే చెప్పాలి. అప్పుడు ఊరుకుని ఓడాక అప్పీల్లో లేవనెత్తితే, అన్యాయం జరిగిందని చూపనిదే వినరు. 1955లో సుప్రీంకోర్టు తూర్పు గోదావరి నుంచి వచ్చిన మేర్ల రామన్న కేసులో ఇదే సూత్రాన్ని డిక్రీ అమలుకూ వర్తింపజేసింది. మొదట్లో మాట్లాడనివారు ప్రాదేశిక అభ్యంతరాన్ని వదులుకున్నట్టేనంది. 1976లో దావా విలువకు సంబంధించిన అభ్యంతరాన్నీ ఈ సెక్షన్ కిందికే తెచ్చారు.

కాంట్రాక్టుల అడుగున ‘తగాదాలు విశాఖపట్నం కోర్టుల్లోనే’ అని అచ్చువేసే వాక్యం బలమూ ఇంతవరకే. అధికారమున్న రెండు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. అసలు అధికారం లేని కోర్టుకు దాన్ని కట్టబెట్టలేరు. 1971లో హాకం సింగ్ కేసు చెప్పింది అదే.

కోర్టులో పాల్గొనడం ఎప్పుడు సమ్మతి అవుతుందో తేల్చడానికి ఉక్కునగరం కేసే మంచి పాఠం. విశాఖ ఉక్కు సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఇనుము, ఉక్కు సరుకు నిర్వహణకు వర్మ ట్రాన్స్‌పోర్ట్ అనే సంస్థతో చేసుకున్న కాంట్రాక్టును రద్దు చేసింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా ఆ సంస్థ పంజాబ్‌లో సివిల్ దావా వేసి, మధ్యంతర ఉత్తర్వు కోరింది. నిగమ్ దాన్ని ప్రతిఘటించి, తర్వాత 1996 ఆర్బిట్రేషన్ చట్టం 8వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టింది. ‘కోర్టులో వాదించావు కనుక కోర్టును ఒప్పుకున్నట్టే’ అన్నది అవతలివారి వాదన.

2006లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అసలు వివాదం మీద తొలి జవాబు దాఖలు చేస్తేనే హక్కు వదులుకున్నట్టు. నెత్తిన పడబోతున్న మధ్యంతర ఉత్తర్వును అడ్డుకోవడం అంతదూరం పోదు. నాకిది సబబుగానే తోస్తుంది. లేకుంటే ప్రతివాది చేతులు ముడుచుకుని ఇంజంక్షన్ పడనివ్వాలి, లేదా ఆర్బిట్రేషన్ హక్కు పోగొట్టుకోవాలి. గమనించండి, ఇక్కడ సివిల్ కోర్టుకు అధికారం లేదని కాదు. నిగమ్ కోరకపోతే అదే దావా అక్కడే సాగేది.

హిందూస్తాన్ జింక్ కథ దీనికి ఎదురు. విశాఖలో ఒకప్పుడు స్మెల్టర్ నడిపిన కంపెనీయే ఇది. తగాదా మాత్రం రాజస్థాన్‌లో అజ్మీర్ విద్యుత్ పంపిణీ సంస్థతో. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆర్బిట్రేటర్‌ను నియమించింది. ఇద్దరూ ఒప్పుకున్నారు, విచారణ జరిగింది, అవార్డు వచ్చింది. కానీ 2003 విద్యుత్ చట్టం కమిషన్‌కు అప్పగించింది లైసెన్సుదారులకూ ఉత్పత్తి కంపెనీలకూ మధ్య తగాదాలను. ఇక్కడ ఒకపక్క ఉన్నది వినియోగదారు. 2019లో సుప్రీంకోర్టు ఆ అవార్డు చెల్లదనే తేల్చింది. సమ్మతి ఉన్నా లాభం లేదు, ఆలస్యంగా లేవనెత్తినా అభ్యంతరం చావదు.

ఇబ్బందల్లా ఏది ‘ఊరి లోపం’, ఏది ‘పుట్టుక లోపం’ అన్నది తరచూ చివరి కోర్టులో గానీ తేలకపోవడమే. ఈలోగా గెలిచిన పక్షం తన అవార్డును నమ్ముకుని ఉంటుంది. ఓడిన పక్షం తాను కూడా ఒప్పుకున్న విచారణనే చెల్లదనే వీలు దాచుకుంటుంది.