లెక్క పాతదే... పొట్ట కొత్తది

(బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారికి ఎదురయ్యే అనుభవాలను ఒకరి కథగా కూర్చి రాసింది. ఇందులోని వ్యక్తులు కల్పితం. వైద్య వివరాలు, పరిశోధనలు వాస్తవం.)

రాత్రి తొమ్మిదింపావు. ఫంక్షన్ హాలు లోపల రిసెప్షన్ సందడి. వెనక పార్కింగ్ పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో స్టూలు మీద సీసా.

‘‘ఆపరేషనై ఏడాది దాటింది కదా బావా, ఇంకా పథ్యమేనా?’’ అంటూ బావమరిది గ్లాసు అందించాడు.

ఆయనకు నలభై మూడేళ్లు. హైదరాబాద్ నిజాంపేటలో శానిటరీ సామాన్ల షాపు. 14 నెలల కిందట గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకునేనాటికి 124 కిలోలు. ఇప్పుడు 80. షుగర్ మాత్రలు ఆగిపోయాయి. పాత చొక్కాలన్నీ వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో మూడు లార్జ్‌లు తాగి, బిర్యానీ తిని, షాపు లెక్కలు చూసుకుని పడుకునేవాడు. అలాంటి మనిషి ఒక్క లార్జ్‌కి భయపడటమేమిటి అనుకున్నాడు.

60 మిల్లీలీటర్ల విస్కీ. గ్యాస్ పడదని సోడా వద్దన్నాడు, నీళ్లు కలిపించుకున్నాడు. పళ్లెంలో చికెన్ ముక్కలున్నాయి గానీ, రెండు తింటే గొంతు కిందే ఆగిపోతాయని ముట్టుకోలేదు. నాలుగు గుక్కల్లో గ్లాసు ఖాళీ అయింది.

అయిదారు నిమిషాలు గడిచాయో లేదో, చెవులు వేడెక్కాయి. చెబుతున్న మాట మధ్యలో తెగిపోయింది. లేవబోతే కుర్చీ పక్కకు జరిగినట్టనిపించి బావమరిది భుజం పట్టుకున్నాడు.

‘‘ఏంటి బావా, ఒక్క పెగ్గుకేనా?’’ అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

చిత్రంగా, ఇరవై నిమిషాలు తిరిగేసరికి తల తేలికపడింది. ‘‘అప్పుడే దిగిపోయిందిరా’’ అన్నాడు. దిగిపోయిందన్న నమ్మకంతోనే 9.40కి ఇంకో స్మాల్ పోయించుకున్నాడు. మళ్లీ అదే వేడి, అదే తూలు. మళ్లీ అరగంటలో అంతా సర్దుకున్నట్టే అనిపించింది.

పదింపావుకి తాళాలు తీశాడు. ‘‘ఏవండీ, క్యాబ్ పిలుద్దాం. బండి రేపు తెచ్చుకోవచ్చు’’ అంది భార్య.

‘‘తాగిందెంత? ఒకటిన్నర పెగ్గు. అదీ దిగిపోయింది. నా సంగతి నీకు తెలీదూ?’’

ఆమెకు తెలిసింది 124 కిలోల మనిషి సంగతి. కాదనలేక పక్క సీట్లో కూర్చుంది.

కిలోమీటరు దాటకుండానే బారికేడ్లు. కానిస్టేబుల్ కిటికీలోంచి బ్రీత్ అనలైజర్ పెట్టి, ‘‘సార్, ఆపమనేదాకా ఊదండి’’ అన్నాడు. తెర మీద 39 వచ్చింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు.

‘‘మీ మిషన్ తప్పు చూపిస్తోంది. ఒకటిన్నర పెగ్గుకి ఇంత రాదు’’ అని ఆయన గట్టిగానే వాదించాడు. పోలీసులు బండి తీసుకుని రశీదు చేతిలో పెట్టారు. అప్పుడు ఆమే క్యాబ్ పిలిచింది.

వారం తర్వాత, ఆపరేషన్ చేసిన సర్జన్ గదిలోనూ ఆయన మొదటి మాట అదే. ‘‘డాక్టరుగారూ, మిషన్ లెక్క తప్పు కదా?’’

డాక్టరు కాగితం ముందుకు జరుపుకున్నారు. ‘‘లెక్క మనమే వేద్దాం. మొత్తం 90 మిల్లీలీటర్లు తాగారు. మన విస్కీలో ఆల్కహాల్ సుమారు 42.8 శాతం. అంటే 38 మిల్లీలీటర్ల పైచిలుకు. తూకంలో 30 గ్రాములు. మీ బరువు 80 కిలోలు, అందులో నీరు 43 లీటర్లుంటుందనుకుందాం. ఆల్కహాల్ ఒంట్లోని నీళ్లలోనే కలుస్తుంది. ఆ 30 గ్రాములూ అంతటా పరుచుకుంటే రక్తంలో సుమారు 56 మిల్లీగ్రాములు రావాలి. కాలేయం గంటకు 15 చొప్పున తీసేస్తుందనుకోండి. మొదటి గ్లాసు నుంచి మీరు ఊదేసరికి గంటా పది నిమిషాలు. 56లోంచి 18 పోతే 38. మిషన్ 39 చూపించింది. ఎక్కడుంది తప్పు?’’

‘‘మరి అప్పట్లో మూడు లార్జ్‌లు తాగినా ఏమీ అయ్యేది కాదే!’’

‘‘ఏమీ కాలేదని మీరనుకునేవారు. అది అలా ఉంచండి. అప్పుడు మద్యం రక్తంలోకి వెళ్లే దారి వేరు’’ అంటూ డాక్టరు బొమ్మ గీశారు.

మామూలు జీర్ణాశయం చివర పైలోరస్ అనే కండరం ఉంటుంది. పొట్టలోకి చేరినదాన్ని అది కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. భోజనం చేసివుంటే మరీ నెమ్మదిగా వదులుతుంది. ఆల్కహాల్ జీర్ణాశయంలో కొద్దిగానే రక్తంలోకి ఇంకుతుంది. ఎక్కువ భాగం ఇంకేది చిన్నపేగులోనే. కాబట్టి పొట్టలో ఎంతసేపు ఆగితే రక్తంలోకి అంత నిదానంగా చేరుతుంది. ఆ ఆగిన సమయంలో జీర్ణాశయం గోడలోని ఎంజైమ్ కొంత ఆల్కహాల్‌ని అక్కడే విరిచేస్తుంది. కాలేయం మరికొంత తీసేస్తుంది. కొంత వచ్చేలోపే కొంత పోతుండటంతో మత్తు ఒక్కసారిగా పైకి లేవదు.

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచీగా విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కుడతారు. మిగిలిన జీర్ణాశయం, దాంతోపాటు పైలోరస్, దారిలోంచి తప్పుకుంటాయి. తాగింది ఆ సంచీలో నిలవదు. తాగుతుండగానే పేగులోకి జారిపోతుంది. ఎంజైమ్‌కి చిక్కే సమయమూ లేదు, చిక్కేంత గోడా లేదు.

‘‘చెరువుకి తూము ఉన్నంతకాలం కాలువలో నీరు కాలువ మోసేంతే వస్తుంది. గట్టు తెగితే అదే చెరువు, అవే నీళ్లు, కానీ ఊరు మునుగుతుంది. ఆపరేషన్‌తో మీ తూము పోయింది. కాలువ, అంటే కాలేయం, పాతదే. దాని వేగం గంటకు ఒక మిల్లీగ్రాము కూడా పెరగలేదు.’’

‘‘నేను స్లీవ్ చేయించుకుని ఉంటే ఇలా అయ్యేది కాదా?’’

స్లీవ్‌లో పైలోరస్ మిగులుతుంది, నిజమే. కానీ జీర్ణాశయంలో నాలుగింట మూడొంతుల పైగా కోసి తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, ద్రవాలు త్వరగా దిగిపోతాయి. స్లీవ్ వాళ్లలోనూ ఆల్కహాల్ బైపాస్ వాళ్లలో లాగే త్వరగా, ఎక్కువగా ఎగబాకుతుందని 2018లో వచ్చిన అమెరికా అధ్యయనం చూపింది. శ్వాస పరీక్ష రక్తంలో ఉన్న అసలు మోతాదు కంటే నాలుగో వంతుకు పైగా తక్కువ చూపిందని, మొదట్లో వచ్చే శిఖరాన్ని పట్టుకోలేకపోయిందని కూడా అందులో తేలింది.

‘‘అంటే మీ 39 కూడా మీ వైపే మొగ్గి ఉండొచ్చు’’ అన్నారు డాక్టరు.

బైపాస్ మీద అందరూ చెప్పుకునే పరీక్ష సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జరిగింది. మార్తా యనీనా పెపినో బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. బైపాస్ అయిన మహిళలకు, ఇంకా ఆపరేషన్ కాని మహిళలకు ఒకే లెక్కన, సుమారు రెండు డ్రింకులకు సమానమైన ఆల్కహాల్ ఇచ్చి వరసగా రక్తం తీశారు. ఆపరేషన్ కానివారిలో మోతాదు శిఖరం చేరడానికి సుమారు పాతిక నిమిషాలు పట్టింది. అయినవారిలో 5 నిమిషాలే. శిఖరం ఎత్తు కానివారిలో 100 మిల్లీలీటర్లకు 60 మిల్లీగ్రాములు, అయినవారిలో 110. రెండు డ్రింకులు తాగి నాలుగు తాగినంత మత్తు తెచ్చుకున్నారన్నమాట.

‘‘మీ కుర్చీ కదిలిన క్షణం అదే’’ అన్నారు డాక్టరు. ‘‘ఆల్కహాల్ ఇంకా ఒళ్లంతా పరుచుకోలేదు. రక్తంలోనే గుంపుగా ఉంది. మెదడుకి రక్తం ఎక్కువగా వెళ్తుంది కాబట్టి మొదటి దెబ్బ దానికే. తర్వాత కండరాల్లోని నీటిలోకి సర్దుకుంటుంది, రక్తంలో మోతాదు చప్పున తగ్గుతుంది. ఆ దిగడం చూసి మీరు మత్తు పోయిందనుకున్నారు. పైగా ఒకే మోతాదు ఎక్కేటప్పుడు తెలిసినంతగా దిగేటప్పుడు తెలియదు. నిజానికి అప్పటికి మీ ఒంట్లోంచి బయటికి పోయింది చాలా తక్కువ. మిగిలినదాని మీద ఇంకో స్మాల్ పోశారు.’’

పక్కనే ఉన్న ఆయన భార్య అంతసేపూ వింటూ కూర్చుంది. ‘‘ఆ రాత్రి ఇంటికొచ్చాక ఈయనకు చెమటలు పట్టాయండీ. చేతులు వణికాయి. తాగినందుకేలే అని పడుకోమన్నాను.’’

డాక్టరు పెన్ను పక్కన పెట్టారు. ‘‘షుగర్ చూశారా?’’

చూడలేదు. మాత్రలు ఆగిపోయాక గ్లూకోమీటర్ అటక ఎక్కింది.

ఆల్కహాల్‌తో తీరిక లేని కాలేయం కొత్త గ్లూకోజ్ తయారు చేయలేదు. బైపాస్ అయిన మనిషి తినేదే తక్కువ. ఆ రాత్రి ఆయన ఏమీ తినలేదు. అలాంటప్పుడు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. దాని లక్షణాలు చెమట, వణుకు, మాట తడబాటు, తికమక. పక్కవాళ్లకు అది అచ్చం తాగిన మత్తులాగే కనిపిస్తుంది. ‘‘ఇలాంటప్పుడు పడుకోబెట్టకండమ్మా. వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉండి మింగగలిగితే, చక్కెర నీళ్లు పట్టించండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.’’

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయితే ఇకమీదట ఒక్క స్మాల్‌తో ఆపేస్తాను. అంతకే ఎక్కుతుంది కదా, ఖర్చూ తగ్గుతుంది’’ అన్నాడు, నవ్వు తెచ్చిపెట్టుకుని.

డాక్టరు నవ్వలేదు. ‘‘నాకు భయం ఆ మాటతోనే. గ్లాసు దించేలోపే ఎక్కేది, అరగంటలో దిగినట్టనిపించేది మళ్లీ పోసుకోమంటుంది. అలవాటు పట్టుకునేది అలాగే.’’

అమెరికాలో 10 ఆసుపత్రుల నుంచి 1,945 మందిని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు ఏడాది మద్యం సమస్య ఉన్నవారు 7.6 శాతం. తర్వాతి ఏడాది 7.3. రెండో ఏడాదిలో 9.6. మొదటి ఏడాది పథ్యం, బరువు తగ్గుతున్న ఉత్సాహం, డాక్టర్ల మీద భయం కాపాడతాయి. రెండో ఏట ఒక్కొక్కటే సడలుతాయి. ఈ ముప్పు గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నవారి కంటే బైపాస్ అయినవారిలో సుమారు రెట్టింపు కనిపించింది.

‘‘నాకిప్పుడు 14 నెలలు’’ అన్నాడాయన మెల్లగా.

‘‘అవును. ఎంతవరకు తాగితే ఫర్వాలేదని మీరడిగితే నా దగ్గర అంకె లేదు. మీ పొట్టకు సురక్షితమైన పెగ్గు ఇంతని కొలిచి చెప్పే మార్గం లేదు. బరువు తగ్గుతున్నన్నాళ్లూ అసలు వద్దంటాం. మీ విషయంలో తర్వాతా వద్దనే చెబుతాను. దాన్ని కాదని ఎప్పుడైనా తాగితే, ఒక్క చుక్కయినా సరే, ఆ రోజు స్టీరింగ్ ముట్టుకోకండి. మత్తు దిగిందా లేదా అన్నది మీరు తేల్చకండి.’’

డాక్టరు ఫైలులో విటమిన్ బి12, ఐరన్ గడుల కింద కొత్తగా ఒక గడి గీసి, ‘మద్యం: నెలకు ఎన్నిసార్లు?’ అని రాశారు. ‘‘ప్రతి మూడు నెలల చెకప్‌లో ఇదీ అడుగుతాను. జవాబు మీరిద్దరూ విడివిడిగా చెప్పాలి.’’

ఆయన భార్య వైపు చూశాడు.

‘‘నేను ఉన్నదే చెబుతానండీ’’ అందామె.