ఫ్లాష్ వెలగని నాలుగో ఫ్రేము

తెనాలిలో ఫిబ్రవరి పదకొండు గంటల ఎండ. స్టూడియో షట్టరు సగం దించి లోపల కూర్చున్నాం, నేనూ నా దగ్గర పనిచేసే కుర్రాడూ. సాయంత్రం ఆరింటి లోపు ఫైళ్లు విజయవాడ ల్యాబ్‌కి వెళ్లకపోతే రేపటి పార్సిల్‌లో ప్రింట్లు రావు. ఇంతలో స్కూలు ఆయమ్మ షట్టరు కింద నుంచి తల వంచి లోపలికొచ్చి, చెంగుకి కట్టుకున్న కాగితం విప్పి టేబుల్ మీద పెట్టింది.

నోటుబుక్కులోంచి చింపిన రూళ్ల కాగితం. పైన గుండుసూదితో గుచ్చిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో.

"ఫోటో అన్నయ్య గారికి నమస్కారం. టెన్త్ బి సెక్షన్ గ్రూపు ఫోటో ఫోన్లో చూశాను. రెండో వరసలో ఎడమ నుంచి ఆరో పిల్ల మా అమ్మాయి. కళ్ళు మూసుకుని ఉంది. ఒకటో క్లాసు నుంచి అయిదు గ్రూపు ఫోటోలు దిగితే నాలుగింట్లో ఇంతే. ఇది బళ్ళో ఆఖరి ఫోటో. నిద్రమొహం అన్నారని నిన్న అన్నం తినలేదు. దీనితో పంపిన ఫోటోలో కళ్ళు బాగా వచ్చాయి. వీలైతే ఇవి తీసి అందులో పెట్టండి. ఎంతవుతుందో చెప్తే ఇస్తాను. చిన్న ఫోటో మాత్రం తిరిగి ఇవ్వండి, ఇదొక్కటే మిగిలింది."

ఆయమ్మ నిలబడే ఉంది. "ఏం చెప్పమంటారు బాబూ?"

"సాయంత్రం పాపని తీసుకుని రమ్మను."

కంప్యూటర్‌లో ఫైలు తెరుస్తాను. ఏడో ఫ్రేము. బడి వరండా మెట్ల మీద 48 మంది, మూడు వరసలు. రెండో వరస, ఎడమ నుంచి ఆరు. పెద్దది చేసి చూస్తే రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పళ్ళు కనబడేంత నవ్వు, మూసుకుపోయిన రెప్పలు. ఎంపిక చేసిన రోజున నేనిది చూడలేదంటే అబద్ధం. చూశాను. మిగతా 47 మందికీ బాగుంది కదా, ఒక్కరే కదా అనుకుని వదిలేశాను. ల్యాబ్ నుంచి వచ్చే ఎనిమిది బై పన్నెండు ప్రింటులో ఆ కన్ను వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. ఎవరు చూస్తారనుకున్నాను. తల్లి ముందు చూసేదే అది.

నా సమర్థింపు నాకూ ఉంది. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీని మీద లెక్క కట్టి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి కొట్టారు. ఫోటో దిగే మనిషి నిమిషానికి పదిసార్లు రెప్ప వేస్తే, ఒక్కో రెప్పపాటు సెకనులో మూడోవంతుకి కాస్త తక్కువ పడితే, క్లిక్‌మన్న క్షణాన కళ్ళు తెరిచి ఉండే అవకాశం నూటికి 95. ఒక్కరైతే ఫర్వాలేదు. 48 మందీ ఒకేసారి తెరిచి ఉండాలంటే అది నూటికి ఎనిమిదికి పడిపోతుంది. అంటే సగటున పన్నెండు ఫ్రేములకి ఒక్కటి దక్కితే అదృష్టం. నేను తీసినవి తొమ్మిది. వాటిలో ఏడోదే తక్కువ నష్టం.

కానీ ఆ లెక్క ప్రకారం ఈ పిల్ల తొమ్మిదింట్లో దొరికితే ఒకసారి దొరకాలి, మహా అయితే రెండుసార్లు. వరసగా చూస్తాను. ఒకటి, మూసింది. రెండు, మూసింది. మూడు, సగం మూసింది, అది మరీ ఘోరం. అయిదు నుంచి తొమ్మిది దాకా అంతే. ఒక్క నాలుగో ఫ్రేములో కళ్ళు తెరిచి, నా వంకే చూస్తోంది.

నాలుగో ఫ్రేము చీకటిగా ఉంది. ఫ్లాష్ వెలగలేదు.

వెనక్కి వాలి కూర్చుంటాను. అయిదు ఫోటోల్లో నాలుగింట్లో అని ఆవిడ రాసింది. వాటిలో రెండు నేను తీసినవే.

విషయం ఇది. ఫ్లాష్‌ని మేము మామూలుగా టీటీఎల్‌లో పెట్టి వదిలేస్తాం. అందులో ఫ్లాష్ వెలిగేది ఒకసారి కాదు, రెండుసార్లు. మొదట చిన్న మెరుపు. అది పిల్లల మీద పడి తిరిగొచ్చే వెలుతురుని కెమెరా కొలుచుకుని, అసలు మెరుపు ఎంత కావాలో లెక్కేసుకుంటుంది. వెంటనే షట్టరు తెరుచుకుని రెండోది వెలుగుతుంది. మధ్య వ్యవధి ఎంత తక్కువంటే మన కంటికి రెండూ కలిసి ఒకటే అనిపిస్తాయి. చాలామంది మొదటి మెరుపుకి రెప్ప వేసే లోపే ఫోటో అయిపోతుంది. కొందరి రెప్పలు మాత్రం చురుకు. మొదటి మెరుపుకే పడిపోతాయి, రెండోది వచ్చేసరికి పూర్తిగా మూసుకుని ఉంటాయి. అలాంటి వాళ్ళకి నూరు ఫ్రేములు తీసినా నూరూ అంతే. "కళ్ళు ఆర్పకు తల్లీ" అని వరస ముందు నిలబడి అరిస్తే రెప్ప ఇంకా బిగుసుకుంటుంది. ఆ రోజు నేను అరిచాను కూడా.

"అన్నా, స్కాన్ చేసేశా," అంటున్నాడు కుర్రాడు. ఆవిడ పంపిన చిన్న ఫోటోలోంచి కళ్ళు కోసి అతికించి చూపిస్తున్నాడు. ఇద్దరం ఒక్క క్షణం మాట్లాడలేదు. పిల్ల మొహంలోంచి ఇంకెవరో చూస్తున్నట్టుంది.

ఎందుకో చూడటం కష్టం కాదు. పాస్‌పోర్ట్ ఫోటో గదిలో రెండు గొడుగు లైట్ల మధ్య తీసింది, అందుకే నల్లగుడ్డులో రెండు తెల్లచుక్కలు, చెరో పక్కన. వరండాలో అందరి కళ్ళలో ఒక్కటే చుక్క, పైన మధ్యలో. అక్కడ తల నిటారు, ఇక్కడ పక్కపిల్ల వైపు కొంచెం వంగింది. అన్నిటికన్నా పెద్ద తేడా నవ్వు. నవ్వితే చెంపలు పైకి లేచి కింది రెప్పని నెడతాయి, కన్ను సన్నబడుతుంది. నవ్వే నోటి మీద హాల్‌టికెట్ కళ్ళు పెడితే ఏ యంత్రమూ అక్కర్లేదు, చంటిపిల్ల కూడా తేడా పట్టేస్తుంది.

"తీసెయ్. నాలుగో ఫ్రేము తెరువు."

ఆ రోజు మూడు ఫ్రేములు గబగబా కొట్టేసరికి సెల్లులు నీరసించి ఫ్లాష్ మళ్ళీ నిండలేదు. నేను "ఛ" అనడం, ముందు వరస మగపిల్లలు కిసుక్కుమనడం గుర్తుంది. ఈ పిల్ల పెదాల చివర కూడా ఆ నవ్వే ఉంది, పళ్ళు కనబడని చిన్న నవ్వు. కెమెరా స్టాండు మీదే ఉంది కాబట్టి కోణం మారలేదు, పిల్ల మాత్రం అర అంగుళం పక్కకి ఒరిగింది.

రా ఫైలులో వెలుతురు ఒకటిన్నర స్టాపు పెంచుతాను. మొహం పైకొచ్చింది గానీ నీలంగా ఉంది. నీడలో పడేది ఆకాశం వెలుతురు కదా, ఫ్లాష్ అంత వెచ్చగా ఉండదు. పక్కపిల్ల చెంప చూసుకుంటూ రంగు పసుపు వైపు జరుపుతాను. ఇలాంటప్పుడు అంకెల్ని నమ్మను, పక్కనున్న చర్మాన్నే నమ్ముతాను.

ఇప్పుడు ఎంత కోయాలి అన్నది ప్రశ్న. కళ్ళు మాత్రమే కోస్తే మళ్ళీ పాత గొడవే, పెద్ద నవ్వుకి చిన్న నవ్వు కళ్ళు. అందుకని కనుబొమల పైనుంచి గడ్డం దాకా మొహమంతా ఒకే ముక్కగా తీస్తాను. నుదురు, పాపిడి, జడలు, రిబ్బన్లు ఏడో ఫ్రేమువే ఉంటాయి. లాసోతో చుట్టి Ctrl+J. ఆ ముక్కని ఏడో ఫ్రేము మీద పెట్టి Opacity 50 చేస్తే కింద మూసిన కళ్ళు, పైన తెరిచిన కళ్ళు కలగలిసి కనబడతాయి. ముక్కుపుటాలు, కళ్ళ లోపలి మూలలు ఒకదాని మీద ఒకటి కూర్చునే దాకా జరుపుతాను. Ctrl+T కొట్టి రెండు డిగ్రీలు తిప్పితే సరిపోయింది. తర్వాత మాస్క్ వేసి మెత్తటి బ్రష్‌తో అంచులు చెరుపుతాను. గడ్డం కింద నీడ దగ్గరే తంటా. ఫ్లాష్ పడ్డ ఫ్రేములో మెడ తెల్లగా ఉంది, రెండోదాంట్లో నల్లగా. అతుకుని దవడ గీత మీదుగా నడిపించాను. అక్కడ గీత ఎలాగూ ఉంటుంది, కన్ను అనుమానించదు.

"బాగుందన్నా," అంటాడు కుర్రాడు.

"ఊహూ. వరసంతా చూడు."

వరసంతా చూస్తే తెలుస్తుంది. మిగతా పదిహేను మంది కళ్ళలో చుక్క మెరుస్తోంది. ఈ పిల్ల కళ్ళు మాత్రం కొలిమి ఆరినట్టున్నాయి. ఫ్లాష్ లేని ఫ్రేములోంచి వచ్చినవి మరి. బ్రష్ రెండు పిక్సెళ్లకి తగ్గించి, నల్లగుడ్డు పైభాగాన, పక్కపిల్లకి ఎక్కడుందో సరిగ్గా అక్కడే, ఒక్కో కంటికి ఒక్కో చుక్క. తెల్లటి తెలుపు పెట్టలేదు, పెడితే దీపం పెట్టినట్టుంటుంది. కొంచెం బూడిద కలిపాను. కనుగుడ్డు తెల్లదనం అసలు ముట్టుకోలేదు. ఈ పనిలో కొత్తవాళ్ళు దొరికిపోయేది అక్కడే, సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేస్తారు.

అయిదున్నరకి తల్లీకూతుళ్ళు వచ్చారు. ఆవిడ మెడలో టేపు ఇంకా అలాగే ఉంది, మిషను మీద నుంచి లేచి వచ్చినట్టుంది. తెర వంక చూసి, దగ్గరికి వచ్చి, మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"నవ్వు మారింది కదన్నయ్యా?"

నేను అనుకోలేదు, అంత పట్టుకుంటుందని. "మారిందమ్మా. ఇది ఇంకో ఫ్రేములోది. పెద్ద నవ్వు కావాలంటే కళ్ళు కుదరవు."

"దీనికి కళ్ళార్పే రోగం, ఎన్నిసార్లు చెప్పినా…"

"ఆగండమ్మా. పాపా, అక్కడ నిలబడు."

టీటీఎల్‌లోనే ఒకటి తీశాను. మూసింది. ఫ్లాష్ మీద గుర్తు M కి మార్చి, పవర్ 1/8 కి తగ్గించి ఇంకోటి తీశాను. ఇందులో కొలిచే మెరుపు ఉండదు, ఒక్కటే వెలుగుతుంది. తెరిచి ఉన్నాయి. మళ్ళీ తీశాను. తెరిచే ఉన్నాయి. పిల్ల నా చేతిలోంచి కెమెరా లాక్కున్నంత పని చేసి మూడూ మార్చి మార్చి చూసింది. రెండు మెరుపుల సంగతి చెప్పాను.

"అంటే నేను ఆర్పడం కాదు," అంది వాళ్ళమ్మ వైపు తిరిగి. "నేను ముందే ఆర్పేస్తున్నా."

"పాతవి కూడా సరిచేస్తారా అన్నయ్యా?" అడిగింది ఆవిడ.

నేను తీసిన రెండింటికీ ఎంచిన ఫ్రేము ఒక్కటే దాచాను, మిగతావి ఎప్పుడో చెరిపేశాను. తెరిచిన కన్ను ఎక్కడో ఒకచోట ఉండాలి, అదే రోజుది, అదే వెలుతురులోది. లేకపోతే ఆ వయసు పిల్లకి ఈ వయసు కళ్ళు పెట్టాలి. కుదరదని చెప్పాను. డబ్బు ఎంతని అడిగితే వద్దన్నాను. రెండు ఫోటోలు నా ఖాతాలో ఉన్నాయి మరి.

ఆరుకి పది నిమిషాలుండగా ఫైలు ల్యాబ్‌కి వెళ్ళింది. మెట్లు దిగబోతూ ఆవిడ వెనక్కి తిరిగింది. "చిన్న ఫోటో అన్నయ్యా."

కుర్రాడు స్కానరు మూత ఎత్తి తెచ్చిచ్చాడు. గుండుసూది గుచ్చిన చోట నుదుటి పైన రెండు చిల్లులు. పిల్ల దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, చిల్లులోంచి బయట రోడ్డు చూస్తోంది.