జాతీయాదాయ లెక్కను సరిచూడటం: సింగరేణి బొగ్గు దారిలో

ఒక దేశంలో ఏడాదిలో తయారైన వస్తుసేవల విలువను కూడేటప్పుడు రెండు తప్పులు పదే పదే దొర్లుతాయి. మధ్యమ వస్తువుల విలువ ఒకటికి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ప్రస్తుత ధరల అంకెలు, స్థిర ధరల అంకెలు ఒకే లెక్కలో కలిసిపోతాయి. ఇంటర్ విద్యార్థి జవాబు పత్రంలోనూ, ప్రభుత్వాలు ప్రకటించిన అంచనాల్లోనూ ఈ రెండూ కనిపించాయి. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో బొగ్గు, కరెంటు, సిమెంటు పక్కపక్కనే ఉత్పత్తి అవుతాయి కనుక, ఈ తప్పులు ఎలా పుడతాయో, ఎలా పట్టుకోవాలో అక్కడి ఉదాహరణతో తేలిగ్గా తెలుస్తుంది.

మన దేశంలో ఈ లెక్కకు దాదాభాయ్ నౌరోజీ ఆద్యుడు. 1867-68కి ఆయన వేసిన అంచనా తలకు 20 రూపాయలు. పంట విలువలోంచి విత్తనాల కోసం కొంత భాగాన్ని ఆయన తీసివేశారు. విత్తనం మళ్లీ పొలంలోకే పోతుంది కాబట్టి దాన్ని ఆదాయంగా చూపకూడదన్నది ఆ తీసివేత వెనుక ఉన్న ఆలోచన. మధ్యమ వస్తువులను మినహాయించాలన్న నేటి సూత్రానికి మన దేశంలో అదే తొలి రూపం. అయితే సేవల ఆదాయాన్ని ఆయన పూర్తిగా వదిలేశారు. రెండుసార్లు లెక్కిస్తామేమోనన్న జాగ్రత్త అక్కడ మరీ ఎక్కువై, లెక్క తక్కువకు దిగింది.

రెండో తప్పు కర్జన్ కాలంలో బయటపడింది. 1882లో తలసరి ఆదాయం 27 రూపాయలని బ్రిటిష్ అధికారుల అంచనా. 1901 నాటికి అది 30కి పెరిగిందని కర్జన్ ప్రభుత్వం చెప్పింది. రెండూ ఆయా కాలాల ధరల్లో వేసిన అంకెలే. మధ్యలో ధాన్యం ధర ఎంత పెరిగిందో చూడకుండా, ఆ మూడు రూపాయల తేడాను బతుకులు బాగుపడ్డాయనడానికి రుజువుగా చూపడం చెల్లదు. 1931-32కి వి.కె.ఆర్.వి. రావు వేసిన అంచనా పద్ధతిలో మరో మెట్టు ఎక్కింది. వ్యవసాయం, గనుల వంటి రంగాల్లో ఉత్పత్తి విలువను, తక్కిన చోట్ల ఆదాయాలను ఆయన లెక్కించారు. 1949 ఆగస్టులో ప్రభుత్వం వేసిన జాతీయాదాయ సంఘానికి పి.సి. మహలనోబిస్ అధ్యక్షుడు, డి.ఆర్. గాడ్గిల్, రావు సభ్యులు. ఆ సంఘం 1954లో తుది నివేదిక ఇచ్చాక కేంద్ర గణాంక సంస్థ ఏటా ప్రస్తుత ధరల్లోనూ, స్థిర ధరల్లోనూ అంకెలు ప్రకటించడం మొదలుపెట్టింది. తొలి ఆధార సంవత్సరం 1948-49.

సింగరేణి కథ ఈ కాలం పొడవునా నడుస్తూనే ఉంది. ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు జాడ దొరికింది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. గోదావరిఖనిలో గనులు తెరిచింది 1960ల్లో. 1980ల నుంచి ఎన్టీపీసీ రామగుండం కేంద్రానికి ఎంజీఆర్ రైలు మార్గంలో బొగ్గు వ్యాగన్లు వెళుతున్నాయి. ఆ వ్యాగన్‌లోని బొగ్గు అమ్మిన గనికి ఉత్పత్తి, కొన్న విద్యుత్ కేంద్రానికి ఖర్చు. దాని విలువ కరెంటు ధరలో ఉండనే ఉంది.

దీన్ని ఊహా సంఖ్యలతో చూద్దాం. పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ గనికి 20 కోట్ల సరుకు అమ్మింది. గని 100 కోట్ల బొగ్గును విద్యుత్ కేంద్రానికి అమ్మింది. కేంద్రం 180 కోట్ల కరెంటు తయారుచేసి, 120 కోట్లది సిమెంటు ఫ్యాక్టరీకి, 60 కోట్లది ఇళ్లకు ఇచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ 200 కోట్ల సిమెంటును ఇళ్లు కట్టుకునేవాళ్లకు అమ్మింది. ఇంకెవరూ ఏమీ కొనలేదనుకుందాం. అమ్మకాలన్నీ కూడితే 500 కోట్లు వస్తుంది. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. ప్రతి సంస్థ దగ్గరా కొన్నదాన్ని తీసేస్తే మిగిలే అదనపు విలువలు 20, 80, 80, 80. మొత్తం 260 కోట్లు. ఇళ్లకు చేరిన కరెంటు 60, సిమెంటు 200 కూడినా అంతే. తప్పు జవాబుకూ సరైన జవాబుకూ మధ్య తేడా 240. అది మధ్యమ కొనుగోళ్ల మొత్తానికి, అంటే 20, 100, 120ల కూడికకు సరిగ్గా సమానం. తేడా ఇలా సరిపోతే తప్పు ఎక్కడుందో తేలినట్టే. సరిపోకపోతే నిల్వలను చూడాలి. మార్చి 31న యార్డులో మిగిలిన బొగ్గు ఆ ఏడాది ఉత్పత్తే. దాన్ని మరుసటి ఏడాది అమ్మినప్పుడు మళ్లీ కలపకూడదు. కార్మికుల వేతనాలను అదనపు విలువకు మళ్లీ కలపడం కూడా ఇదే జాతి తప్పు. వేతనం ఆ విలువలోంచే చెల్లిస్తారు.

ధరల సంగతికి వస్తే టన్నులే మంచి ఆధారం. 2021-22లో సింగరేణి దాదాపు 650 లక్షల టన్నుల బొగ్గు తీసింది, 2022-23లో దాదాపు 671 లక్షల టన్నులు. పెరుగుదల మూడు శాతం పైచిలుకు. అదే సమయంలో టర్నోవర్ 26 వేల కోట్లు దాటిన స్థాయి నుంచి 32 వేల కోట్లు దాటింది, అంటే ఇరవై శాతానికి మించిన పెరుగుదల. సింగరేణి సొంత జైపూర్ విద్యుత్ కేంద్రం అమ్మకాలు కూడా ఆ టర్నోవర్‌లో ఉన్నాయి కాబట్టి తేడా మొత్తాన్ని బొగ్గు ధరకే అంటగట్టకూడదు. టర్నోవర్ పెరుగుదలను ఉత్పత్తి పెరుగుదలగా రాస్తే మాత్రం అది తప్పే.

రెండు తప్పులూ కలిసే చోటు ఇంకా చిక్కైనది. ఒక గని మొదటి ఏడాది 200 కోట్ల బొగ్గు తీసి, డీజిల్, పేలుడు పదార్థాలకు 60 కోట్లు ఖర్చు చేసిందనుకుందాం. అదనపు విలువ 140. రెండో ఏడాది బొగ్గూ, కొన్న సరుకులూ పరిమాణంలో 5 శాతం పెరిగాయి. బొగ్గు ధర 20 శాతం, సరుకుల ధర 50 శాతం పెరిగాయి. ప్రస్తుత ధరల్లో ఉత్పత్తి 252, ఖర్చు 94.5, అదనపు విలువ 157.5 కోట్లు. మొదటి ఏడాది ధరల్లో ఉత్పత్తి 210, ఖర్చు 63, అదనపు విలువ 147. నిజమైన పెరుగుదల 5 శాతం.

విద్యార్థి ఉత్పత్తిని ప్రస్తుత ధరలో, ఖర్చును పాత ధరలో తీసుకుంటే 252లోంచి 63 పోయి 189 వస్తుంది, పెరుగుదల 35 శాతంగా కనిపిస్తుంది. ఇంకొకరు 157.5ను బొగ్గు ధర సూచీ 1.20తో భాగిస్తే 131.25 వస్తుంది. టన్నులు పెరిగిన గనిలో ఆదాయం తగ్గినట్టు తేలుతుంది. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి అంకెలు తిరగేసి చూసినా ఈ తప్పు దొరకదు. ప్రతి అంకె పక్కనా అది ఏ ఏడాది ధరో రాయించాలి. రెండు వేర్వేరు ఏళ్ల పేర్లున్న అంకెల మధ్య తీసివేత గుర్తు కనిపిస్తే జవాబును అక్కడే ఆపాలి. తర్వాత టన్నుల పెరుగుదలతో పోల్చాలి. ఇక్కడ బొగ్గు, సరుకులు రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి కనుక 5 తప్ప మరో జవాబు రాకూడదు.

ఉత్పత్తిని దాని ధరతో, ఖర్చును దాని ధరతో విడివిడిగా సవరించే ఈ పద్ధతిని జంట సవరణ అనవచ్చు. 2011-12 ఆధార శ్రేణిలో మన దేశం దీన్ని వ్యవసాయానికీ గనులకూ వాడింది. తయారీ రంగంలో ఎక్కువగా ఒకే సూచీతో సరిపెట్టింది. అంటే మన ఉదాహరణలోని బొగ్గు ఒక పద్ధతిలో, అదే దారిలో ముందుకెళ్లి తయారైన సిమెంటు మరో పద్ధతిలో స్థిర ధరల్లోకి మారాయి. కొన్న సరుకుల ధరలు ఉత్పత్తి ధర కంటే వేగంగా మారిన ఏళ్లలో సిమెంటు వైపు అంకెను ఎక్కువ జాగ్రత్తగా చదవాలి.